వాచీలో 158 చూపిస్తోంది, 180 చేయాలా?

"నా వయసు 36, ఎత్తు 178 సెంటీమీటర్లు. రెండేళ్లుగా వారానికి మూడు రోజులు పరిగెడుతున్నాను, మొత్తం 25 కిలోమీటర్లు అవుతుంది. నా మామూలు వేగం కిలోమీటరుకు ఆరున్నర నిమిషాలు. కొన్ని నెలలుగా 6 కిలోమీటర్లు దాటాక కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలవుతోంది. వాచీ నా కేడెన్స్, అంటే నిమిషానికి పడే అడుగుల సంఖ్య, 158 అని చూపిస్తోంది. మంచి రన్నర్లందరూ 180 మీద పరిగెడతారని, అంతకంటే తక్కువైతే శక్తి వృథా అని, గాయాలు తప్పవని చదివాను. మూడు వారాల కింద, లయ తప్పకుండా టిక్కుటిక్కుమని కొట్టే మెట్రోనోమ్ 180కి పెట్టుకుని మొదలుపెట్టాను. మోకాలి నొప్పి నిజంగానే తగ్గింది. కానీ పిక్కలు రాళ్లలా బిగుసుకుపోతున్నాయి. పొద్దున మంచం దిగగానే ఎడమ మడమ వెనక పట్టేసినట్టు ఉంటోంది, పది అడుగులు కుంటితే గానీ వదలదు. గుండె వేగం ఇదివరకు 148 దగ్గర ఉండేది, ఇప్పుడు 160 దాటుతోంది. అలవాటయ్యేదాకా ఓర్చుకోవాలా? మానేస్తే మోకాలి నొప్పి మళ్లీ వస్తుందేమోనని భయంగా ఉంది."
— ఒక పాఠకుడు

ఓర్చుకోవద్దు. రేపటి పరుగుకి మెట్రోనోమ్ పెట్టుకోకండి. అలాగని ఈ మూడు వారాలూ వృథా అయ్యాయని కాదు. మోకాలి నొప్పి తగ్గడం మీ ఊహ కాదు, దానికి స్పష్టమైన కారణం ఉంది. మీరు పట్టుకున్న దారి సరైనదే. ఆ దారిలో ఒక్కసారే మరీ దూరం దూకారు. 158 నుంచి 180 అంటే దాదాపు 14 శాతం పెంపు. మోకాలికి కావలసిన ఊరట అందులో మూడో వంతు మార్పుతోనే చాలావరకు దొరుకుతుంది.

ముందు ఈ 180 ఎక్కడ నుంచి వచ్చిందో చూద్దాం. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో అమెరికన్ కోచ్ జాక్ డేనియల్స్ పోటీల్లో పరిగెడుతున్నవాళ్ల అడుగులు లెక్కపెట్టారు. 800 మీటర్ల నుంచి మారథాన్ దాకా మొత్తం 46 మందిని చూస్తే, ఒక్కరు తప్ప అందరూ నిమిషానికి 180 అడుగులు, అంతకుమించి వేస్తున్నారు. ఆ లెక్కలో తప్పేమీ లేదు. కానీ వాళ్లు ఒలింపిక్ పోటీ వేగంలో ఉన్నారు. వేగం పెరిగితే ఎవరికైనా అడుగులు పొడవూ అవుతాయి, గబగబా కూడా పడతాయి. ఆ అథ్లెట్లే మీ ఆరున్నర నిమిషాల వేగానికి దిగి పరిగెడితే వాళ్ల సంఖ్యా తగ్గుతుంది. పైగా పోటీ వేగంలో కూడా అందరికీ ఒకే సంఖ్య లేదు. 2016 ప్రపంచ 100 కిలోమీటర్ల పోటీలో ముందువరసలో ముగించిన రన్నర్లను గమనిస్తే సగటు 182 దగ్గరే వచ్చింది. కానీ అందులో ఒకరు 155 మీద పరిగెత్తారు, ఇంకొకరు 203 మీద. ఇద్దరూ ప్రపంచస్థాయి వాళ్లే. కాబట్టి మీ ఎత్తుకి, మీ వేగానికి 158 అనేది దానంతట అది జబ్బు కాదు.

ఇప్పుడు మీ అంకెలతోనే లెక్క వేద్దాం. కిలోమీటరుకు ఆరున్నర నిమిషాలంటే నిమిషానికి సుమారు 154 మీటర్లు. దాన్ని 158తో భాగిస్తే ఒక్కో అడుగు 97 సెంటీమీటర్లు. ఇక్కడ అడుగు అంటే ఒక పాదం నేలను తాకిన చోటు నుంచి రెండో పాదం తాకిన చోటు దాకా. స్ట్రైడ్ అంటే అదే పాదం మళ్లీ పడేదాకా, అంటే రెండడుగులు. కొన్ని యాప్‌లు ఒక కాలినే లెక్కపెట్టి 79 అని చూపిస్తాయి, దాన్ని చూసి కంగారు పడకూడదు. అదే వేగంలో 180 వేయాలంటే అడుగు 85 సెంటీమీటర్లకి కుదించుకోవాలి. ఒక్కో అడుగులో జానెడు కాదు గానీ అరజానెడు కంటే ఎక్కువే కోత. కిలోమీటరుకి 1,027 అడుగులు వేసే మనిషి 1,170 వేయాలి. వారానికి 25 కిలోమీటర్లకి సుమారు 3,600 అడుగులు అదనం. ఆ అదనపు అడుగులన్నీ మీ పిక్కలు ఈ మూడు వారాల్లో మోసినవే.

ఈ లెక్కలో ఇంకో కిటుకు ఉంది. మెట్రోనోమ్ టకటకమంటుంటే కాళ్లు దాన్ని అందుకుంటాయి గానీ, అడుగు పొడవు దానంతట అది తగ్గదు. అడుగు 97 సెంటీమీటర్లే ఉండి సంఖ్య 180 అయితే వేగం కిలోమీటరుకి 5 నిమిషాల 44 సెకన్లకి చేరుతుంది. మీరు అంతదాకా వెళ్లి ఉండరు, మధ్యలో ఎక్కడో ఉండి ఉంటారు. వాచీలో ఈ మూడు వారాల పరుగులు తెరిచి సగటు వేగం చూడండి. 6:00, 6:10 లాంటి అంకెలు కనిపిస్తే గుండె వేగం పెరగడానికి సగం కారణం అక్కడే దొరికినట్టు. మీరు కేడెన్స్ మారుస్తున్నాననుకుని నిజానికి ప్రతిరోజూ గట్టి పరుగు పెడుతున్నారు.

మిగతా సగం కారణం శక్తి ఖర్చుకి సంబంధించింది. అడుగు మరీ పొడవైతే పాదం శరీరానికి చాలా ముందు పడి ప్రతిసారీ బ్రేకు వేస్తుంది, ఒళ్లు పైకి ఎక్కువ ఎగురుతుంది. ఆ రెండింటికీ శక్తి పోతుంది. మరీ పొట్టిదైతే బ్రేకు తగ్గుతుంది గానీ, బరువైన కాలిని నిమిషానికి అన్నిసార్లు వెనక నుంచి ముందుకి తిప్పడానికి శక్తి పోతుంది. ఈ రెండు ఖర్చుల మధ్య తక్కువ ఖర్చయ్యే చోటు ఒకటి ఉంటుంది. శరీరం దాన్ని చాలావరకు తనంతట తనే వెతుక్కుంటుంది. 1982లో కావనాగ్, విలియమ్స్ అనే పరిశోధకులు అనుభవం ఉన్న రన్నర్ల అడుగు పొడవు మార్చి ఆక్సిజన్ వాడకం కొలిచారు. వాళ్లు సహజంగా వేసే అడుగు, అతి తక్కువ ఖర్చయ్యే అడుగుకి చాలా దగ్గర్లోనే ఉంది. కొత్తవాళ్లు మాత్రం ఆ చోటుకి కొంచెం కిందే, అంటే కాస్త పొడవాటి అడుగులతో నెమ్మదైన లయలో పరిగెడుతుంటారు. ఆ చోటు గుంటలా కాకుండా పళ్లెం అడుగులా చదునుగా ఉంటుంది. మూడు నాలుగు శాతం అటూ ఇటూ జరిగితే ఖర్చులో పెద్ద తేడా తెలియదు. 14 శాతం జరిగితే తెలుస్తుంది, మీ గుండె తెలియజేస్తోంది కూడా. కాబట్టి కేడెన్స్ మార్చి వేగంగా పరిగెడతానని, తక్కువ అలసిపోతానని మీరు ఆశ పెట్టుకుంటే, మీ విషయంలో అది నెరవేరే అవకాశం చాలా తక్కువ. ఆ ఆశ వదులుకోండి.

కేడెన్స్ నిజంగా పనికొచ్చేది బరువు ఒక కీలు మీద నుంచి తగ్గించడానికి. మీకు కావలసిందీ అదే. పొడవాటి అడుగులో పాదం నేలను తాకేటప్పుడు మోకాలు దాదాపు చాచి ఉంటుంది, పాదం మోకాలికి ముందుంటుంది. ఆ తరువాతి క్షణంలో శరీరం బరువంతా దిగుతుంటే మోకాలు లోతుగా మడుస్తూ దాన్ని ఆపాలి. ఆ ఆపే పని తొడ ముందు కండరానిది. అది లాగినప్పుడల్లా మోకాలి చిప్ప తొడ ఎముకకేసి నొక్కుకుంటుంది. అడుగు కొంచెం పొట్టిదైతే పాదం శరీరానికి దగ్గరగా పడుతుంది, మోకాలు ముందే కాస్త మడిచి ఉంటుంది, తరువాత మడవాల్సిన లోతు తగ్గుతుంది. 2011లో హైడర్‌షైట్ బృందం 45 మంది సాధారణ రన్నర్లను వాళ్ల మామూలు వేగంలోనే పరిగెత్తించి అడుగుల సంఖ్య మార్చి చూసింది. 5 శాతం పెంచితే మోకాలు ఒక్కో అడుగులో ఇముడ్చుకునే శక్తి సుమారు 20 శాతం తగ్గింది. 10 శాతం పెంచితే 34 శాతం తగ్గింది. మొదటి 5 శాతంతో దొరికినంత లాభం రెండో 5 శాతంతో దొరకలేదని గమనించండి.

ఒక్కో అడుగు తేలికైనా అడుగుల సంఖ్య పెరుగుతుంది కదా, చివరికి లెక్క సమానమేగా అనే అనుమానం సహజం. మోకాలి విషయంలో సమానం కాదు. 5 శాతం ఎక్కువ అడుగులు, ఒక్కోదానిలో 20 శాతం తక్కువ పని అంటే కిలోమీటరు మొత్తం మీద కూడా మోకాలికి లాభమే.

మరి మడమ వెనక నొప్పి ఎందుకొచ్చింది? చాలామంది అడుగు హఠాత్తుగా కుదించినప్పుడు తెలియకుండానే మునివేళ్ల మీద పరిగెత్తడం మొదలుపెడతారు. మడమ నేలను తాకీ తాకక ముందే పాదం లేచిపోతుంది. అప్పుడు మోకాలు వదిలిన పని పిక్కా, దాన్ని మడమకి కట్టే అకిలిస్ టెండన్ తీసుకుంటాయి. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది. టెండన్‌కి నెలలు పడుతుంది. మీ పిక్కలు బిగుసుకోవడం కండరం చెప్పే మాట, పొద్దున పట్టేయడం టెండన్ చెప్పే మాట. రెండోది పట్టించుకోవాల్సింది. పరుగు మొదలుపెట్టాక వేడెక్కి వదిలేస్తుంది కాబట్టి తగ్గిందనుకుని కొనసాగిస్తారు. అక్కడే అది ముదురుతుంది. మీ బూట్ల అడుగు భాగం తిప్పి చూడండి. ఈ మూడు వారాల్లో ముందు భాగం కొత్తగా అరిగినట్టుంటే మునివేళ్ల అనుమానం బలపడుతుంది.

కాబట్టి ఏ దారి ఎంచుకున్నా మొదటి రెండు వారాలు టెండన్‌వి. మీ పాత లయకే తిరిగి వెళ్లండి. ఒక్కో పరుగు 5 కిలోమీటర్లు దాటనివ్వకండి, మోకాలు 6 దగ్గర మొదలవుతోంది కాబట్టి దానికీ ఇది సరిపోతుంది. ఎత్తు ఎక్కే పరుగు, వేగం పెంచే పరుగు వద్దు. రోజు విడిచి రోజు సమతలమైన నేల మీద నిలబడి రెండు మడమలూ నెమ్మదిగా లేపి, మూడు సెకన్లు తీసుకుంటూ దించండి. 15 సార్లు చొప్పున మూడు విడతలు. చేసేటప్పుడు పదికి మూడు దాకా నొప్పి ఉన్నా ఫర్వాలేదు, మర్నాటి పొద్దున పట్టివేత ముందురోజుకంటే పెరగకూడదు. ఆ పట్టివేత ఎన్ని అడుగులకి వదులుతోందో రోజూ రాసుకోండి. ఇప్పుడు పది అంటున్నారు, అది రెండు మూడుకి దిగాకే తరువాతి మాట. దిగకుండా పెరుగుతూ పోతే, టెండన్ మీద ఒకచోట వాచి గట్టిపడితే, లేదా మోకాలి కింది ముందు ఎముక మీద వేలితో నొక్కినచోట ఒక్క బిందువులోనే నొప్పి దొరికితే పరుగు పూర్తిగా ఆపి ఎముకల డాక్టర్నో ఫిజియోథెరపిస్టునో చూడాలి.

ఈ రెండు వారాల్లోనే ఇంకో పని చేయండి, అసలు నిర్ణయం దాని మీదే ఆధారపడుతుంది. ఎవరినైనా పక్కన ఐదారు మీటర్ల దూరంలో నిలబెట్టి, ఫోన్‌ను తుంటి ఎత్తులో అడ్డంగా పట్టుకోమని, స్లో మోషన్‌లో మీ మామూలు పరుగు తీయించండి. పది నిమిషాలు పరిగెత్తి ఒళ్లు వేడెక్కాక తీయాలి, లేకపోతే కెమెరా కోసం పరిగెత్తినట్టే వస్తుంది. తరువాత వీడియోను ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ పాదం నేలను తాకిన మొదటి ఫ్రేమ్ దగ్గర ఆపండి. మడమ ముందు పడిందా, పాదం మొత్తం పడిందా అని చూడకండి, మడమ పడటం తప్పేమీ కాదు. చూడాల్సింది మోకాలి నుంచి చీలమండ దాకా ఉన్న గీత. అది నిటారుగా, లేదా దాదాపు నిటారుగా ఉందా? చీలమండ మోకాలికి ముందుకి పొడుచుకొచ్చి, ఆ గీత వెనక్కి వాలినట్టుండి, మోకాలు కర్రలా చాచి ఉందా? ఐదారు అడుగులు ఇలా ఆపి చూడండి, ఒక్కదానితో తేల్చకండి.

గీత నిటారుగా ఉంటే మీ అడుగు పొడవుగా ఉన్నా అతిగా లేదు. అప్పుడు కేడెన్స్‌ను అలాగే వదిలేయడం మంచి ఎంపిక. మోకాలి నొప్పికి కారణం బహుశా ఒకే పరుగులో మోకాలు మోయగలిగినదానికంటే ఎక్కువ దూరం. మూడు పరుగులను నాలుగుగా విడగొట్టి ఒక్కోదాన్ని 6 కిలోమీటర్ల లోపు ఉంచడం, తొడ, పిరుదుల కండరాలకి వారానికి రెండుసార్లు స్క్వాట్లు, మెట్టు ఎక్కి దిగే వ్యాయామం పెట్టడం ఈ దారిలో పని. దీని నష్టం ఏమిటంటే ఫలితం నెమ్మదిగా, రెండు మూడు నెలలకి కనిపిస్తుంది. లాభం మడమ జోలికి పోకపోవడం.

గీత స్పష్టంగా వెనక్కి వాలి ఉంటే 5 శాతం పెంపు మీకు సరైన మందు. మీ విషయంలో అలాగే ఉంటుందని నా అంచనా, ఎందుకంటే అడుగు కుదించగానే మోకాలు తేలికపడింది. 158కి 5 శాతం కలిపితే 166. అడుగు 97 నుంచి 93 సెంటీమీటర్లకి వస్తుంది, అంటే నాలుగు వేళ్ల మందం కూడా కాదు. కిలోమీటరుకి అదనంగా 50 అడుగులు మాత్రమే. మొదలుపెట్టే ముందు 158 నిజమేనా అని ఒకసారి చేత్తో సరిచూసుకోండి. వాచీ సగటులో నడిచిన నిమిషాలు, సిగ్నల్ దగ్గర ఆగిన సెకన్లు కలిసిపోయి ఉండొచ్చు. చదునైన దారిలో మామూలు వేగంలో కుడి పాదం 30 సెకన్లలో ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. మూడుసార్లు చేసి సగటు తీయండి. అది 162 వస్తే మీ లక్ష్యం 166 కాదు, 170.

పద్ధతి ఇలా. వీలైతే మొదటి రెండు మూడుసార్లు ట్రెడ్‌మిల్ మీద, గంటకి 9.2 కిలోమీటర్ల దగ్గర పెట్టి చేయండి. అది మీ ఆరున్నర నిమిషాల వేగమే. వేగం మెషీన్ చేతిలో ఉంటుంది కాబట్టి మెట్రోనోమ్ పెరిగితే అడుగు కుదించుకోవడం తప్ప వేరే దారి ఉండదు, ఆ అనుభూతి ఎలా ఉంటుందో కాళ్లకి తెలుస్తుంది. మొదటి వారం మూడు పరుగుల్లో రెండింటిలోనే, ఒక నిమిషం 166 మీద, నాలుగు నిమిషాలు మెట్రోనోమ్ ఆపి మామూలుగా, ఇలా ఐదుసార్లు. రెండో వారం రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. మూడో వారం మూడు నిమిషాలు, రెండు నిమిషాలు. నాలుగో వారం నుంచి పరుగు అంతటా ఆ లయ ఉంచి, మెట్రోనోమ్‌ను మాత్రం తగ్గిస్తూ రండి. మొదటి ఐదు నిమిషాలు వినడం, ఆపేయడం, పది నిమిషాల తరువాత అర నిమిషం సరిచూసుకోవడం. చెవిలో ఎప్పుడూ టిక్కుటిక్కు ఉంటే కాళ్లు నేర్చుకోవు, వినడానికి అలవాటుపడతాయి. ప్రతి అడుగుకీ కొట్టే చప్పుడు ఒత్తిడిగా అనిపిస్తే 83కి పెట్టి కుడి పాదానికి మాత్రమే కలపండి.

పరిగెత్తేటప్పుడు కాళ్లను గబగబా ఆడించాలనుకోకండి, అలా అనుకుంటే మళ్లీ మునివేళ్లే వస్తాయి. పాదం కిందకి, మీ ఒంటి కిందనే దింపుతున్నట్టు అనుకోండి. మడమ ప్రతి అడుగులో నేలను తాకాలి. వేగం ఆరున్నర దగ్గరే ఉండాలి, 6:20కి దిగుతోందంటే నెమ్మదించండి. గుండె వేగం మొదటి వారం మూడు నాలుగు పెరగొచ్చు, మూడో వారానికి 148 దగ్గరకి రావాలి. ఈ నెలా రెండు నెలల్లో వారం మొత్తం దూరాన్ని పెంచకండి. రెండూ ఒకేసారి మారితే ఏది నొప్పి తెచ్చిందో తెలియదు.

మూడో దారి 180 దగ్గరే ఉండిపోవడం. అది అసాధ్యమని చెప్పను. ఆరు నెలలు తీసుకుని, ఒక్కో మెట్టు 5 శాతం లోపు ఉంచి, ప్రతి మెట్టు దగ్గరా ఆగితే టెండన్ అలవాటుపడవచ్చు. కానీ మీకు దానివల్ల అదనంగా ఏమొస్తుంది? మోకాలికి మొదటి మెట్టు తరువాత లాభం తగ్గుతూ పోతుంది, శక్తి ఖర్చు పెరుగుతుంది, పిక్క మీద బరువు పెరుగుతుంది. ఇప్పటికే మడమ వెనక పట్టేసిన మనిషికి ఈ బేరం నాకు నచ్చదు.

166కి చేరాక ఆరో వారంలో మళ్లీ వీడియో తీయండి, అదే చోట, అదే వేగంలో. పాదం దగ్గరగా వచ్చిందా, 6 కిలోమీటర్ల తరువాత మోకాలు ఎలా ఉంది, పొద్దున మడమ వెనక పట్టివేత లేదా, ఈ మూడూ చూసుకోండి. పాదం దగ్గరకి వచ్చి మోకాలు ఇంకా కొద్దిగా నొస్తుంటే 170 దాకా వెళ్లొచ్చు, ఇంకో నాలుగు వారాలు అదే పద్ధతిలో. 170 దగ్గర కూడా మోకాలు మారకపోతే దాన్ని కేడెన్స్ బాగుచేయదని అర్థం. అప్పుడు ఫిజియోథెరపిస్టు దగ్గరకి వెళ్తూ ఆ రెండు వీడియోలు, మీరు రాసుకున్న పొద్దుటి లెక్కలు తీసుకెళ్లండి.